రేటు తగ్గలేదు, అడుగులు తగ్గలేదు, మరి లాభం యాడికి పోయింది?

బండలోడు (తాడిపత్రి): మూడు నెలల లెక్క ఇది. పోయినేడు లక్ష అడుగుల బండ అమ్మితే 32 లక్షలు వచ్చింది, 5 లక్షలు మిగిలింది. ఈసారీ లక్ష అడుగులే. వచ్చింది 28, మిగిలింది 2. సగటు రేటు 32 నుంచి 28కి పడింది. రేటు పెంచాలని నేను, కరెంటు తగ్గించాలని మా అన్న. ఎవరు కరెక్టు?

గానుగయ్య (అనంతపురం): మీ అన్నే. మా నూనె మిల్లును ముంచింది కరెంటు బిల్లే.

లెక్కలాయన (కర్నూలు): పాలిష్ ఎంత, రఫ్ ఎంత? విడగొట్టి రాయప్పా.

బండలోడు: అప్పుడు పాలిష్ 60 వేలు, రఫ్ 40 వేలు. ఇప్పుడు తిరగబడింది. పాలిష్ 40 రూపాయలు, రఫ్ 20. ఆ రేట్లు మారలేదు.

లెక్కలాయన: అట్లయితే రేటు తగ్గిందనేదీ, అడుగులు తగ్గినాయనేదీ రెండూ కొట్టెయ్. సగటు పడింది సరుకు మారినందుకు. ఖర్చులు పోను పాలిష్‌లో అడుగుకు ఎంత మిగులుతుంది?

బండలోడు: పాలిష్‌లో 16, రఫ్‌లో 6.

లెక్కలాయన: 20 వేల అడుగులు పాలిష్ నుంచి రఫ్‌కు జారినాయి. అడుగుకు 10 తేడా, అంటే 2 లక్షలు. అమ్మకంలో పోయింది 4 లక్షలైనా లాభంలో తగిలేది రెండే. ఇంకో లక్ష ఖర్చులో వెతకాల.

గానుగయ్య: చెప్తినే, కరెంటు!

లెక్కలాయన: బిల్లు పెరిగిందా అసలు?

బండలోడు: లేదు. అడుగు 8 చొప్పున కొనే ముడి బండే ఎక్కువైంది. అప్పుడు లక్షా పదివేల అడుగులు, ఇప్పుడు లక్షా ఇరవైరెండున్నర వేలు.

లెక్కలాయన: 12,500 అడుగులు ఇంటూ 8, లక్ష. దొరికింది. అమ్మింది అంతే కాబట్టి ఎక్కువ కొన్నది పగుళ్లలో పోతున్నట్టుంది. దించేటప్పుడు, కోసినాక, పాలిష్ అయినాక, మూడుచోట్లా పగిలినవి వారం రోజులు లెక్క రాయించు. దించేటప్పుడే ఎక్కువుంటే క్వారీ పొరదో, లోడింగుదో తప్పు. కోతకాడ ఉంటే బ్లేడు, టేబుల్ మట్టం చూడు.

గానుగయ్య: కొత్త బ్లేడు అమ్మేదానికే ఈ లెక్కలన్నీ.

లెక్కలాయన: నేను బ్లేడ్లు అమ్మను సామీ! బిల్లే పెరగలేదంటుంటే నువ్వింకా కరెంటు తీగ వదలవు.

కడపమ్మాయి: ఇద్దరూ ఆగండి. పాలిష్ ఆర్డర్లు రాలేదా, వచ్చినా ఇయ్యలేకపోయినారా? పెండింగు పుస్తకం చూస్తే తెలుస్తుంది.

బండలోడు: ...వచ్చినాయి. బెంగుళూరోళ్లు 90 రోజుల అప్పు అడుగుతారు. ఇయ్యనని నేనే ఆపితి. మా అన్న అప్పటినుంచి నాతో సరిగ్గా మాట్లాడడు.

కడపమ్మాయి: అదీ అసలు సంగతి! ఆ 20 వేల అడుగులంటే 8 లక్షల సరుకు. నూటికి రెండు వడ్డీ వేసినా మూడు నెలలకు 48 వేలు. అప్పిచ్చినా లక్షన్నర పైన లాభమే కదా?

లెక్కలాయన: ఆ 8లో లక్షన్నర రాకుండా పోతే, లాభం దాదాపు సున్న. వాళ్లు పోయినేడు చెప్పిన నాటికి కట్టినారా?

బండలోడు: సగం మంది. మిగతాది అన్న పుస్తకంలో ఉంది, నాకు చూపించడు.