‘పలికెడిది భాగవతమట’: ఇక్కడి ‘అట’లో అనుమానం ఉందా?

ప్రశ్న అడిగిన సభ్యురాలు: మా అబ్బాయికి పోతన పద్యం నేర్పుతుంటే, “అమ్మా, ‘భాగవతమట’, ‘రామభద్రుండట’, ‘భవహరమగునట’ అని మూడుసార్లు ఎందుకన్నాడు, ఆయనకు నమ్మకం లేదా?” అని అడిగాడు. ఏం చెప్పాలో తోచలేదు.

రెండో సభ్యుడు: పిల్లవాడు సరిగ్గానే పట్టుకున్నాడు. ‘అట’ అనుమానాన్నే చెబుతుంది. ‘వాడికి జ్వరమట’ అన్నామంటే జ్వరాన్ని మనం నమ్మలేదన్నమాటే కదా.

మూడో సభ్యుడు: ‘చేయుట’, ‘వచ్చుట’లలోని టకారం కూడా ఇదేనా? వ్యావహారికంలో దాన్ని ఎప్పుడో వదిలేశాం.

వ్యాకరణం బోధించిన సభ్యురాలు: అది వేరండీ. ‘వచ్చుట’ అంటే రావడం. మనం మాట్లాడుతున్నది ‘వచ్చునట’లోని ‘అట’ గురించి. అందులో అనుమానం కూడా లేదు. ‘సాయంత్రం వాన పడుతుందట, గొడుగు తీసుకెళ్ళు’ అనే తల్లి ఆ మాటను నమ్మే గొడుగు చేతిలో పెడుతుంది. ఈ సంగతి నేను స్వయంగా చూసినది కాదు, ఒకరి మాటగా నాకు అందింది అన్నంతవరకే ‘అట’ చెబుతుంది. నమ్మకమైనా వెటకారమైనా గొంతులోంచి రావలసిందే. సమాచారం ఎక్కడి నుంచి వచ్చిందో ఇలా వ్యాకరణమే గుర్తు పెట్టడాన్ని భాషావేత్తలు ఎవిడెన్షియాలిటీ అంటారు.

‘వచ్చాడని చెప్పారు’ అన్నదానికీ దీనికీ తేడా ఏమిటని అడుగుతారేమో, వ్యతిరేకార్థం చేసి చూడండి. అక్కడ చెప్పడం ఒక క్రియ కనుక ‘వచ్చాడని చెప్పలేదు’ అని దాన్నే కాదనవచ్చు. ‘వచ్చాడట’ను అలా కాదనలేం. ‘రాలేదట’ అంటే రాలేదని విన్నామని అర్థమే తప్ప, వచ్చాడని వినలేదనే అర్థం ఎంత లాగినా రాదు. ‘అట’కు కాలం లేదు, చెప్పినవారి పేరుకు అందులో చోటు లేదు. ప్రశ్నలో పెడితే ఇంకా చిత్రం: ‘ఎప్పుడొస్తాడట?’ అన్నప్పుడు విన్న సంగతి మనది కాదు, ఎదుటివారు విన్నది చెప్పమని అడుగుతున్నాం.

ఇస్తాంబుల్‌లో ఉద్యోగం చేస్తున్న సభ్యుడు: తుర్కీ భాషలో దీనికి దగ్గరిది ఉంది, అయితే హద్దులు వేరు. ‘గెల్ది’ అంటే వచ్చాడు. ఉదయం ఆఫీసుకు వెళ్ళేసరికి సహోద్యోగి కోటు కొక్కేనికి వేలాడుతూ, మనిషి మాత్రం కనబడకపోతే ‘గెల్మిష్’ అంటారు. ఆయన వచ్చాడని ఇంకొకరు ఫోనులో చెబితే అప్పుడూ ‘గెల్మిష్’ అనే అంటారు. మనకు ఈ రెండూ ఒకటి కావు. కోటు చూసినప్పుడు ‘వచ్చినట్టున్నాడు’ అంటాం, విన్నప్పుడు ‘వచ్చాడట’ అంటాం. కోటు చూసి ‘వచ్చాడట’ అంటే, ఎవరు చెప్పారని వెంటనే అడుగుతారు.

రెండో సభ్యుడు: అయినా ‘అట’ లేకుండా ‘వచ్చాడు’ అన్నా తెలుగులో తప్పు కాదు కదా. ఐచ్ఛికమైనదాన్ని వ్యాకరణం అనవచ్చా?

వ్యాకరణం బోధించిన సభ్యురాలు: ఇది గట్టి అభ్యంతరమే. అమెజాన్ ప్రాంతపు తరియానా భాషలో జరిగిపోయినదాన్ని చెప్పాలంటే, కంటితో చూశారా, చెవికి వినబడిందా, ఆనవాళ్ళను బట్టి ఊహించారా, మామూలుగా జరిగేదే కనుక అనుకున్నారా, ఒకరు చెప్పారా అన్నది క్రియలో తేల్చక తప్పదు. మనకు అంత నిర్బంధం లేదు. ఈ విషయంపై 2004లో పుస్తకం రాసిన ఐఖెన్వాల్డ్, విన్నమాటను మాత్రమే గుర్తించే భాషలను కూడా ఈ కోవలోనే చేర్చారు; అయితే గుర్తు వదిలేసే స్వేచ్ఛ ఉన్నచోట దానికి ఎంత బరువు ఇవ్వాలన్న వాదం అలాగే ఉంది.

పత్రికలో పనిచేసిన సభ్యుడు: మా డెస్కులో ‘అట’ కనబడితే కొట్టేసేవాళ్ళం. ‘వచ్చినట్లు తెలిసింది’ అని దిద్దేవాళ్ళం. ఎవరికి తెలిసిందో అదీ చెప్పదు, కానీ రచ్చబండ కబురులా మాత్రం ఉండదు.

ప్రశ్న అడిగిన సభ్యురాలు: మరి ‘నే బలికిన భవహరమగునట’? తన పని గురించి తానే ‘అట’ అనడం వింతగా లేదా? ‘నేను తిట్టానట!’ అంటే ఒప్పుకోవడం లేదనే కదా.

వ్యాకరణం బోధించిన సభ్యురాలు: తిట్టానో లేదో మీకే తెలుసు కనుక అక్కడ ‘అట’ నిరాకరణ అవుతుంది. ‘చిన్నప్పుడు నేను బావిలో పడబోయానట’ అన్నప్పుడు నిరాకరణ ఏదీ లేదు, జ్ఞాపకం లేనందున పెద్దలు చెప్పినది చెబుతున్నారు. పోతనకు రాబోయే ఫలమూ అలాంటిదే, తనకు తానుగా తెలిసేది కాదు. పైగా ఈ పద్యానికి ముందున్న కథ చూడండి. గ్రహణ స్నానానికి వెళ్ళి ధ్యానంలో ఉన్న కవికి ఒక రాజు కనిపించి, తాను రామభద్రుడననీ, భాగవతాన్ని తెనిగించమనీ, భవబంధాలు తెగుతాయనీ ఆనతిచ్చి మాయమవుతాడు. పద్యంలోని మూడు ‘అట’లూ ఆ మూడు మాటలకే.

రెండో సభ్యుడు: కళ్ళారా చూసినవాడు ‘రామభద్రుండట’ అనడమెందుకు?

ప్రశ్న అడిగిన సభ్యురాలు: చూసింది రూపాన్ని, పేరు మాత్రం ఆయన చెబితేనే కదా తెలిసింది. మా వాడికి ఈ రాత్రికి ఇదే చెబుతాను. దీని మీద ఇంకేం అడుగుతాడో.