పొడుగు వాక్యం చివరికొచ్చేసరికి మొదలు మర్చిపోతున్నాను – రీడింగ్ పరీక్షకి సాయం కావాలి

కొత్తపక్షి: అందరికీ నమస్కారం. ఈ మధ్యే వచ్చాను, ఐఈఎల్‌టీఎస్ మళ్లీ రాయాల్సి వస్తోంది. రీడింగ్‌లో పదాలు చాలావరకు తెలిసినవే. కానీ మూడు లైన్ల వాక్యం వస్తే ఎవరు ఏం చేశారో తప్పిపోతున్నాను. కామాలు, డాష్‌లు, సెమికోలన్లు పట్టుకుని విడగొట్టమంటున్నారు, అదెలా? ఇలాంటి వాక్యం దగ్గరే ఆగిపోతున్నా:

ది కెనాల్, విచ్ ఇంజినీర్స్ హ్యాడ్ డిక్లేర్డ్ సేఫ్ ఇన్ స్ప్రింగ్, బిగాన్ టు లీక్ ఇన్ జులై; ది ఫార్మర్స్ డౌన్‌స్ట్రీమ్ – మోస్ట్ ఆఫ్ హూమ్ హ్యాడ్ ఆల్రెడీ సోన్ – వర్ నాట్ టోల్డ్ అంటిల్ ఆగస్ట్.

హడావిడి: ఇందులో ఏముందండీ, రెండు కామాల మధ్య ఉన్నది కొట్టెయ్యండి. డాష్‌ల మధ్యదీ అంతే. మిగిలిందే అసలు వాక్యం. 60 నిమిషాల్లో 40 ప్రశ్నలు, అన్నీ చదువుతూ కూర్చుంటే అవదు.

సందేహాలరావు: సెమికోలన్ కవర్ లెటర్‌లో వాడితే మరీ పాతకాలంగా ఉంటుందా? మా మేనేజర్ అన్నీ తీసేస్తున్నాడు.

పాత కాపు: రావుగారూ, ఈ అమ్మాయి అడిగింది చదవడం గురించి. మీది వేరే మెయిల్‌లో మాట్లాడుకుందాం.

అమ్మా, ముందు సెమికోలన్ వెతుకు. నీ వాక్యంలో దానికి అటూ ఇటూ ఉన్నవి రెండు పూర్తి వాక్యాలు, కాబట్టి అక్కడ ఫుల్‌స్టాప్ ఉందనుకుని ఒక్కో సగమే చదువు. మొదటి సగంలో కామాల మధ్య ముక్కని వేలితో మూస్తే కాలువ జులైలో కారడం మొదలైంది. రెండో సగంలో డాష్‌ల మధ్యది మూస్తే దిగువ రైతులకి ఆగస్టు దాకా చెప్పలేదు. వాక్యం అస్థిపంజరం ఇంతే.

హడావిడి చెప్పింది ఇక్కడిదాకా సరే, కానీ కొట్టెయ్యకూడదు, మూసి మళ్లీ తెరవాలి. ఎందుకంటే ప్రశ్న ఇలా రావచ్చు: 'చాలామంది రైతులు విత్తడానికి ముందే వాళ్లకి లీకు సంగతి చెప్పారు.' జవాబు ఫాల్స్. చెప్పింది ఆగస్టులో అని అస్థిపంజరంలో ఉంది, అప్పటికే విత్తేశారని డాష్‌ల మధ్య ఉంది. ఆ ముక్క కొట్టేసినవాళ్లు నాట్ గివెన్ పెట్టేస్తారు.

ఇంకోటి, జంట కామాలన్నీ ఒకటి కావు. 'ది కెనాల్, ది వెల్స్, అండ్ ది పాండ్స్ డ్రైడ్ అప్' అన్నప్పుడు మధ్య ముక్క తీసేసినా వాక్యం నిలబడుతుంది, కానీ బావులు పోయాయి! మధ్య ముక్క ముందున్న పేరు గురించి చెబుతోందా, దాని పక్కన ఇంకోటి చేరుస్తోందా అన్నది చూడు. గురించి చెబితేనే మూయి.

హడావిడి: లిస్టు సంగతి ఒప్పుకుంటా. అయినా నాకు స్కోరు వచ్చింది కదా!

లీజు బాధితుడు: నా అనుభవం చెప్తా. ఇంటి అగ్రిమెంట్‌లో డిపాజిట్ ఎప్పుడు తిరిగివ్వరో షరతులన్నీ సెమికోలన్లతో ఒకే వాక్యంలో పెట్టారు. అన్నీ జరిగితేనే పట్టుకుంటారనుకున్నా. ఆఖరి షరతుకి ముందు 'ఆర్' ఉంది, అంటే ఏ ఒక్కటి జరిగినా చాలు. అక్కడ 'అండ్' ఉంటే నా డబ్బు నాకొచ్చేది. కాబట్టి సెమికోలన్ అంటే ఫుల్‌స్టాప్ అని ఎప్పుడూ అనుకోకండి.

పాత కాపు: నిజమే. సెమికోలన్ తర్వాత కర్త, క్రియ రెండూ ఉంటే అది వేరే వాక్యం. లేకపోతే లిస్టులో ఒక అంశం.

కొత్తపక్షి: థాంక్యూ అండీ, ఇప్పుడు కాస్త టెన్షన్ తగ్గింది. ఒక్క కామాయే ఉంటే? డాష్ కూడా ఒక్కటే వస్తే?

పాత కాపు: ఒక్క డాష్ వస్తే ఎక్కువగా ముందు చెప్పినదానికి వివరణో, చివర్లో ఒక మెలికో ఉంటుంది. వాక్యం 'ఆల్దో'తో మొదలైతే మొదటి కామా వచ్చిన చోట ఆగి, అసలు మాట ఇంకా రాలేదని గుర్తుపెట్టుకో. మధ్యలో చొప్పించిన ముక్కలుంటే ఆ కామా ఇంకా ముందుకెళ్తుంది.

కామా లేకపోవడం కూడా చూడాలి. 'ది ఫార్మర్స్, హూ హ్యాడ్ సోన్, లాస్ట్ ఎవ్రీథింగ్' అంటే అందరూ విత్తారు, అందరూ నష్టపోయారు. ఆ రెండు కామాలూ తీసేస్తే విత్తినవాళ్లే నష్టపోయారు. ప్రశ్నలో 'ఆల్' కనిపిస్తే వెనక్కి వెళ్లి కామా ఉందో లేదో చూడు.

కొత్తపక్షి: మరి అసలు ఒక్క గుర్తూ లేని పొడుగు వాక్యాలో?

పాత కాపు: అక్కడ ఈ పద్ధతి పనిచెయ్యదు. 'ది క్లెయిమ్ దట్ డ్యామ్స్ బిల్ట్ ఇన్ ది నార్త్ రెడ్యూస్డ్ ఫ్లడింగ్ వాజ్ రిజెక్టెడ్' లాంటి దాంట్లో అసలు క్రియ 'వాజ్ రిజెక్టెడ్'. దాన్ని వెతికి పట్టుకుని, తిరస్కరించింది దేన్ని అని వెనక్కి రావడమే. నాకైతే అదే కష్టం.

హడావిడి: కంప్యూటర్ పరీక్షలో హైలైట్ ఆప్షన్ ఉంది, క్రియలన్నీ రంగేసుకోండి.

పాత కాపు: అన్నిటికీ రంగేస్తే ఏది అసలుదో ఎలా తెలుస్తుందయ్యా?

హడావిడి: నాకు తెలిసింది మరి.