వంటింట్లో చేపల వాసన, ఇంట్లో చేపే లేదు

ఇసుకతోట కోడలు
అద్దె ఇల్లు, మొదటి అంతస్తు. మేం చేపలు తినం. వారం రోజులుగా పొద్దున ఏడున్నరకి వంటింట్లో ఎండుచేప వేపుతున్న వాసన వస్తోంది. కింద పోర్షన్ వాళ్లేమో అనుకున్నాను. నిన్న అడిగితే వాళ్లు ఊళ్లోనే లేరట, వారమైంది వెళ్లి. మా ఆయన సముద్రపు గాలి అంటున్నారు. ఈ రోజు చూస్తే జంక్షన్ బాక్సు దగ్గర వాసన ఎక్కువగా ఉంది. దానికీ దీనికీ సంబంధం ఉంటుందా?

ప్లాంటు మావయ్య
ఉంటుందమ్మా. ముందు ఆ పాయింటు ఎంసీబీ దించెయ్యండి, ఆ తర్వాతే ప్లగ్గు పీకండి. సాకెట్లు, ప్లగ్గుల్లో వాడే ఒక రకం గట్టి ప్లాస్టిక్కు బాగా వేడెక్కితే అచ్చం చేపల వాసనే వస్తుంది. వైరు తొడుగు కాలితే వచ్చే ఘాటు వాసన వేరు. అది వచ్చేసరికి పని ముదిరిపోతుంది. మీకింకా ముదరలేదు.
ఆ బాక్సుకి ఏమేం పెడుతున్నారు?

ఇసుకతోట కోడలు
దించేశానండి. వంటింట్లో పవర్ ప్లగ్గు ఒక్కటే ఉంది. దానికి నాలుగు సాకెట్ల బాక్సు పెట్టాం. ఇండక్షన్ స్టవ్ 2000 వాట్లు, దాని లావు పిన్ను బాక్సులో పట్టదని కన్వర్టర్ కొన్నాం. పక్కనే కెటిల్ 1500. మిక్సీకి వైరు అందక ఇంకో చిన్న బాక్సు దీనికే తగిలించాం, మిక్సీ 750. బాక్సు వెనక 6A అని ఉంది. పొద్దున పిల్లల క్యారియర్ల హడావుడిలో మూడూ ఒకేసారి నడుస్తాయి.

గాజువాక గురూ
అంత టెన్షన్ ఎందుకండీ? ఎంసీబీ ఉంది కదా, లోడు ఎక్కువైతే అదే పడిపోతుంది. పడలేదంటే లోడు సరిపోయినట్టే. పిన్నులు ఉప్పుగాలికి చిలుం పట్టి ఉంటాయి. గరుకు కాగితంతో రుద్దండి, మా ఇంట్లో అలాగే చేస్తాం.

ప్లాంటు మావయ్య
చిలుం సంగతి నిజమే గురూ, మన ఊళ్లో బీచ్ వైపు ఇళ్లలో ఇత్తడి తొందరగా పాడవుతుంది. ఎంసీబీ సంగతి మాత్రం సగమే నిజం. అది కాపాడేది గోడలో ఉన్న వైరుని. బయట మనం తగిలించిన బాక్సు వైరు ఎంత సన్నదో దానికి తెలియదు.
లెక్క చూడండి. 230 వోల్టుల దగ్గర ఇండక్షన్ సుమారు 8.7 ఆంప్స్, కెటిల్ 6.5, మిక్సీ మూడు పైచిలుకు. అన్నీ కలిపితే పద్దెనిమిదిన్నర. అదంతా 6 ఆంప్స్ బాక్సు తాలూకు ఒక్క ప్లగ్గులోంచి పోతోంది. వెనకున్నది 16 ఆంప్స్ ఎంసీబీ అనుకుందాం. 18 దాకా గంటసేపు పడకుండా నిలవాలి, 23 దాటితే గంటలోపు పడాలి, దాని తయారీ నియమమే అంత. ఈవిడ వంట అరగంటలో అయిపోతుంది. ఎంసీబీ ఎందుకు పడుతుంది?
అసలు ఇండక్షన్ ఒక్కటి పెట్టినా ఆ బాక్సుకి ఎక్కువే. ఆ స్టవ్‌కి లావు పిన్ను ఇచ్చిందే సన్న సాకెట్లో పెట్టొద్దని. కన్వర్టర్ ఆ అడ్డు తీసేసింది.

మధురవాడ హాస్టల్
మా రూములో ఇంకా ఘోరం సార్. గోడకి ఒకే ప్లగ్గు, నలుగురం. బాక్సుకి బాక్సు, దానికి ఇంకో బాక్సు. మిగిలిన వైరు అందంగా చుట్టి, రబ్బరు బ్యాండు వేసి మంచం కింద పెట్టాం. మూడో బాక్సులో కెటిల్. ఓ రాత్రి తీసి చూస్తే చుట్టలో లోపలి వరసలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. పైవరస మాత్రం బాగానే ఉంది. ఛార్జర్లు మాత్రమే పెడితే ఏమీ కాదు కదా?

ప్లాంటు మావయ్య
చుట్టలో లోపలి వరస వేడికి బయటికి దారి ఉండదు బాబూ, అందుకే అలా అయింది. అతుక్కున్న వైరుని ఛార్జర్లకి కూడా వాడకు, పారెయ్యి. నాలుగు ఫోన్ ఛార్జర్లు ఒక మంచి బాక్సుకి బరువేమీ కాదు. కానీ గొలుసు కడితే, చివర పెట్టిన కెటిల్ కరెంటు అన్ని ప్లగ్గులూ దాటుకుంటూ వస్తుంది. వాటిలో ఏ ఒక్కటి వదులుగా ఉన్నా అక్కడే కాలుతుంది.

సీతమ్మధార బిల్లు బాధితుడు
వైరు వేడెక్కితే మీటరు కూడా ఎక్కువ తిరుగుతుందా? మాకు ఈ నెల బిల్లు రెట్టింపు వచ్చింది.

ప్లాంటు మావయ్య
తిరుగుతుంది కానీ మీ బిల్లుకి కారణం అది కాదండీ. వదులు పిన్ను దగ్గర 0.3 ఓమ్ అడ్డు ఉందనుకోండి. ఇండక్షన్ కరెంటుకి అక్కడ పుట్టేది సుమారు 23 వాట్ల వేడి. రోజూ గంట వాడినా నెలకి ఒక యూనిట్ కూడా కాదు.
కానీ 23 వాట్లంటే దాదాపు చిన్న సోల్డరింగ్ ఐరన్. దాన్ని ప్లగ్గు లోపల పెట్టి మూసేసినట్టు! అయినా కరెంటు మామూలుగానే పోతుంది కాబట్టి ఎంసీబీకి ఏమీ పట్టదు.

ఇసుకతోట కోడలు
అయితే మాది లోడు ఎక్కువై కాలిందా, వదులై కాలిందా? ఎలా తెలుస్తుంది?

ప్లాంటు మావయ్య
మీది మళ్లీ ఆన్ చేసి చూడొద్దు. పైకి బాగానే ఉన్న బాక్సుకైతే ఇలా చూస్తాం. ఇరవై నిమిషాలు వాడాక స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి, దాని ప్లాస్టిక్ భాగాన్నీ వైరునీ చేతి వెనక వైపుతో తాకుతాం. పిన్నుల ఇత్తడి ముట్టుకోకూడదు, కాలుతుంది. వైరు పొడవునా ఒకేలా వెచ్చగా ఉంటే లోడు ఎక్కువని. వైరు చల్లగా ఉండి ప్లగ్గులో ఒక పక్కే వేడిగా ఉంటే ఆ పిన్ను పట్టు వదులైందని.
ఇప్పుడు మీరు చెయ్యగలిగింది చూడటమే. పిన్ను కన్నాల చుట్టూ గోధుమ రంగు మచ్చ ఉందా? వైరు వంచితే ముందులా వంగుతోందా, బిరుసెక్కిందా?

ఇసుకతోట కోడలు
చూశాను. బాక్సు ప్లగ్గు పిన్నుల్లో ఒకటి నల్లబడింది. దాని మొదట్లో ప్లాస్టిక్ కొంచెం ఉబ్బింది. వైరు ప్లగ్గు దగ్గర జానెడు మేర బిరుసుగా ఉంది, మిగతాది మెత్తగానే ఉంది. గోడ సాకెట్లో కూడా ఒక కన్నం అంచు గోధుమ రంగులో ఉంది.

గాజువాక గురూ
గోడది బాగానే ఉంటుందిలెండి. బాక్సు మార్చి రుద్దుకుంటే సరి.

ప్లాంటు మావయ్య
రుద్దితే చిలుం పోతుంది గురూ. వేడికి మెత్తబడిన స్ప్రింగు పట్టు తిరిగి రాదు. కొత్త ప్లగ్గు పెట్టినా ఆ కన్నం దాన్నీ కాలుస్తుంది. నా లెక్కన గోడ సాకెట్టూ మార్చాలి, వెనక స్క్రూల దగ్గర వైరు కాలిందో లేదో విప్పి చూడాలి. అది లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ పని. ఇండక్షన్‌కి విడిగా ఇంకో పవర్ పాయింటు, 2.5 స్క్వేర్ ఎంఎంకి తగ్గని వైరుతో లాగించుకోండి.

మధురవాడ హాస్టల్
స్విచ్ పక్కన ఎర్ర బొత్తాం ఉన్న బాక్సులు వస్తున్నాయి కదా, లోడు ఎక్కువైతే అదే ఆగిపోతుందట. అవి సరిపోవా సార్?

ప్లాంటు మావయ్య
మంచివే. లోడు ఎక్కువైతే అదే ఆగుతుంది, ఐఎస్ఐ గుర్తు చూసి కొనుక్కో. వదులు పిన్నుని మాత్రం అదీ కనిపెట్టలేదు.

ఇసుకతోట కోడలు
ఓనరుగారికి ఫోన్ చేశాను. సాకెట్టు మారుస్తారట. కొత్త పాయింటు మాత్రం మా ఖర్చేనట, "అంతమంది అద్దెకున్నారు, ఎవరూ అడగలేదు" అన్నారు. ఇది ఎవరు పెట్టుకోవాలండీ?

సీతమ్మధార బిల్లు బాధితుడు
మా ఓనరైతే అద్దెలో తగ్గించారు. మీరూ అడిగి చూడండి.

గాజువాక గురూ
తగ్గించే ఓనరు దొరికితే అడ్రసు మాక్కూడా చెప్పండి.

ఇసుకతోట కోడలు
ఎలక్ట్రీషియన్ ఆదివారం వస్తానన్నాడు. ఈ రోజు ఎంసీబీ దించే ఉంచాం, వాసన లేదు. మా ఆయన సముద్రపు గాలి మాట ఎత్తడం లేదు. ఆదివారం దాకా గ్యాస్ మీదే కాఫీ.