ఆక్టల్, హెక్సా రెండూ ఒకే సంఖ్యకు వచ్చాయి, అయినా తప్పన్నారు

నెమలీక: మొన్న కంప్యూటర్ బేసిక్స్ టెస్టులో 1011010110 ని ఆక్టల్‌లోకి, హెక్సాలోకి మార్చమన్నారు. నేను 5530, B58 అని రాశాను. రెండింటినీ డెసిమల్‌లోకి మార్చి చూసుకుంటే రెండూ 2904 వచ్చాయి. ధైర్యంగా పేపరు ఇచ్చేశాను. కీలో 1326, 2D6 అని ఉంది. కీ తప్పు కావచ్చా?

వాన_చినుకు: వెయిట్లు రాసేటప్పుడు కుడి చివరి బిట్‌కి 1 బదులు 2 వేసి ఉంటారు. నాకూ అదే అయ్యింది. అక్కడ 2 పవర్ 0 తోనే మొదలుపెట్టాలి.

పాతబల్ల: వెయిట్ జరిగిందన్న మాట నిజమే గానీ చినుకు గారూ, మీరన్నట్టయితే జవాబు రెండింతలు, అంటే 1452 వచ్చేది. ఇక్కడ అసలు విలువ 512+128+64+16+4+2, మొత్తం 726. 2904 దానికి సరిగ్గా నాలుగింతలు. నెమలీక గారూ, మీరు గుంపులు ఎడమ నుంచి చేశారా?

నెమలీక: అవునండి. చదివే వైపు నుంచే 101 101 011 0 అని విడగొట్టాను. చివర మిగిలిన 0 కి రెండు సున్నాలు చేర్చాను. హెక్సాకి 1011 0101 10, దానికీ రెండు సున్నాలు.

పాతబల్ల: తప్పు అక్కడే జరిగింది. కుడి చివర రెండు సున్నాలు చేరితే ప్రతి బిట్ రెండు స్థానాలు ఎడమకు జరుగుతుంది, దాని వెయిట్ నాలుగింతలవుతుంది. పది బిట్లను పన్నెండు చేయడానికి ఆక్టల్‌కీ, హెక్సాకీ రెండేసి సున్నాలే పట్టాయి. అందుకే రెండు తప్పులూ ఒకే సంఖ్య చూపించాయి. ఎనిమిది బిట్ల సంఖ్యయితే హెక్సాకి సున్నాలే అక్కర్లేదు, తేడా వెంటనే బయటపడేది. కుడి నుంచి చేస్తే 1 011 010 110, అంటే 1326. అలాగే 10 1101 0110, అంటే 2D6. మిగిలిన ముక్కకు సున్నాలు ఎడమ పక్క చేర్చినా విలువ మారదు.

చుక్కాని: ఇంకో చిన్న పరీక్ష. పది బిట్లలో పట్టే పెద్ద సంఖ్య 1023. జవాబు 2904 అని చూడగానే ఆగిపోవాలి.

మొగలిరేకు: నాకు ఈ కుడి నుంచి రూల్ వల్లే మార్కు పోయింది! 0.1011 ని ఆక్టల్‌లో 0.13 రాశాను.

పాతబల్ల: పాయింట్ తర్వాత లెక్క వేరు. అక్కడ పాయింట్ దగ్గర మొదలుపెట్టి కుడికి వెళ్లాలి, సున్నాలు కూడా కుడి చివరే. 101 100, అంటే 0.54. ఎటు వైపైనా లెక్క పాయింట్ నుంచే మొదలవుతుందని పెట్టుకోండి.

నెమలీక: ఇప్పుడు అర్థమైంది. అయితే ఒక తప్పుకే రెండు ప్రశ్నల మార్కులూ పోయాయి. పద్ధతికి కొంతైనా ఇవ్వాలని అడగొచ్చా?

చుక్కాని: స్టెప్స్ రాసి ఉంటే తప్పకుండా అడగండి.

వాన_చినుకు: నాకైతే ఇవ్వలేదు. గుంపులు చేయడమే ఆ ప్రశ్నలో పద్ధతి, అదే తప్పింది అన్నారు.