గోడ మీద తెల్ల ఉప్పు: కడగాలా, దులపాలా?

కొత్తకాపురం: హాల్లో ఒక గోడకు కింద మోకాలి ఎత్తు వరకు తెల్లటి పొడి వస్తోంది. తడిగుడ్డతో తుడిస్తే పోతుంది, నాలుగు రోజులకు మళ్లీ వస్తుంది. రెండేళ్లలో రెండుసార్లు రంగు వేయించాను, రెండుసార్లూ పొక్కులు లేచి ఊడిపోయింది. ఈసారి రంగు వేసే ముందు గోడ ఎలా శుభ్రం చేయాలి? అసలు ఎందుకు తిరిగి తిరిగి వస్తోంది?

బూజుదులుపు: అది బూజు. బ్లీచింగ్ కలిపిన నీళ్లతో కడగండి, చచ్చిపోతుంది.

రంగులడబ్బా: ఇరవై ఏళ్లుగా పెయింటింగ్ పనే నాది. అది బూజు కాదు, ఉప్పు. యాసిడ్ నీళ్లతో కడిగి, ఆరాక వాటర్‌ప్రూఫ్ ప్రైమర్ రెండు కోట్లు, పైన లప్పం, ఆపైన ఎమల్షన్. ఇలా చేసిన ఇళ్లు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. గుడ్డతో తుడిచి రంగు వేస్తే ఊడక ఏం చేస్తుంది?

పాతగోడ: ముందు ఒక మాట. ఒకరు బ్లీచింగ్ అన్నారు, ఇంకొకరు యాసిడ్ అన్నారు. ఈ రెండూ ఒకే గోడ మీద కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, ఊపిరితిత్తులకు ప్రమాదం. పొరపాటున కూడా ఒకదాని మీద ఇంకొకటి పోయొద్దు.

బూజా ఉప్పా తేల్చుకోవడం తేలిక. చిటికెడు పొడి తీసి ఒక చుక్క నీటిలో వేయండి. కరిగిపోతే ఉప్పు, జిగురుగా మరకలా మిగిలితే బూజు. మీరు చెప్పిన లక్షణాలన్నీ ఉప్పువే.

ఇక తిరిగి రావడం గురించి. ఉప్పు గోడ లోపల ఉంది. ఇటుకలో, ఇసుకలో, సిమెంటులో కొంత ఉంటుంది. నేల నుంచి పీల్చుకున్న నీటితో ఇంకొంత వస్తుంది. లోపలి తేమ ఆ ఉప్పును కరిగించుకుని గోడ ముఖం దాకా వస్తుంది, నీరు ఆవిరైపోతుంది, ఉప్పు అక్కడే మిగిలిపోతుంది. మీరు తడిగుడ్డతో తుడిచినప్పుడు కొంత గుడ్డకు అంటుతుంది. మిగతాది నీటిలో కరిగి మళ్లీ గోడలోకే ఇంకుతుంది. నాలుగు రోజులకు కనిపించేది ఆ ఉప్పే, దానికి తోడు వెనక నుంచి వచ్చే కొత్త ఉప్పు. కాబట్టి తడి వద్దు, పొడిగా దులపండి.

గోడమీదపిల్లి: పొలాల్లో చౌడు పైకి తేలినట్టు అన్నమాట.

పాతగోడ: సరిగ్గా అదే. ఎండ కాసేకొద్దీ నేల మీద చౌడు తెల్లబడుతుంది కదా, ఇక్కడ నేల బదులు గోడ.

రంగులడబ్బా: పొడిగా దులిపితే పై పొడి పోతుంది, గట్టిగా పట్టిన పెచ్చు పోతుందా? చేసి చూశారా ఎప్పుడైనా?

పాతగోడ: మా ఇంట్లోనే చేశాను. గోడ కింద పాత పేపరు పరిచి, గట్టి కుచ్చు బ్రష్‌తో పైనుంచి కిందికి దులిపి, రాలిన పొడిని ఒక డబ్బాలో పోసుకున్నాను. పేపరు పరవకపోతే ఆ ఉప్పు నేల మీద పడి, చెమ్మ తగిలి, మళ్లీ గోడ అడుగుకే చేరుతుంది. మొదటి వారం నాలుగు చెంచాలు వచ్చింది. రెండో వారం మూడు, మూడో వారం ఒకటిన్నర. ఏడో వారానికి చిటికెడు. వారానికొకసారి దులిపి కొలిస్తే గోడ ఎటు పోతోందో తెలుస్తుంది. తగ్గుతూ వస్తే తేమ ఆగినట్టు. ఎప్పటికీ నాలుగు చెంచాలే వస్తుంటే నీళ్లు ఇంకా వస్తున్నట్టు.

ఒకచోట మాత్రం నేనూ తడిగుడ్డ పెట్టాను. అక్కడ మరక అంచు జానెడు పైకి జరిగింది. ఉప్పును నేనే పైకి ఎక్కించాను.

ఎదురింటిపైపు: మాదీ ఇదే బాధ అండి. మూడేళ్లు గోడను తిట్టుకున్నాం. చివరికి చూస్తే అవతలి బాత్‌రూములో పైపు కారుతోంది. మేస్త్రీ మాత్రం నేల చెమ్మ, నేల చెమ్మ అని రెండుసార్లు డబ్బు తీసుకున్నాడు. మీ గోడ అవతల ఏముందో చూసుకోండి.

రంగులడబ్బా: చెంచాలతో కొలవడం బాగానే ఉంది గానీ, యాసిడ్ పని చేయదని ఎవరూ అనలేరు. నేను కడిగిన గోడలు నిలబడ్డాయి.

పాతగోడ: ఆ గోడలు కొత్త ఇళ్లవేనా?

రంగులడబ్బా: ఎక్కువగా కొత్తవే. అయితే ఏంటి?

పాతగోడ: అయితే చాలా తేడా ఉంది అన్నా. కొత్త గోడలో ఉన్నది కట్టేటప్పుడు పోసిన నీరు. అది ఒకసారి ఆరిపోతే ఉప్పు దానంతట అదే ఆగుతుంది. యాసిడ్ పోసినా పోయకపోయినా ఏడాదిలో ఆగేది. పైగా బయటి గోడను కడిగితే నీరు కిందికి కారిపోతుంది, ఉప్పును వెంట తీసుకుపోతుంది. హాల్లో గోడ మీద అంత నీరు పారించలేరు కదా.

యాసిడ్ వల్ల ఉపయోగం లేదని అనను. సున్నం గట్టిపడి రాయిలా పట్టిన పెచ్చు బ్రష్‌కు రాదు, నీటికి కరగదు. దానికి యాసిడే కావాలి. ముందు గోడను మంచినీళ్లతో తడపాలి, లేకపోతే యాసిడ్‌ను గోడ తాగేస్తుంది. ఒక వంతు యాసిడ్‌ను పది పదిహేను వంతుల నీటిలో పోయాలి. యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు. తర్వాత బాగా కడగాలి. కానీ దూదిలా, నూగులా వచ్చే పొడికి ఇది దండగ. ఆ యాసిడ్ సున్నంతో కలిసి క్యాల్షియం క్లోరైడ్ అవుతుంది, అదీ ఒక ఉప్పే. గాలిలోని తేమను పీల్చుకునే రకం. కడగక మిగిలితే ఆ చోటు ఎప్పుడూ నెమ్మెక్కినట్టే ఉంటుంది.

బూజుదులుపు: వెనిగర్ అయితే?

పాతగోడ: అదీ సున్నాన్ని తిని ఇంకో ఉప్పు తయారుచేస్తుంది. వద్దు.

కొత్తకాపురం: ఒక సందేహం. వానాకాలంలో ఆ గోడ మీద పొడి కనిపించదు, కాస్త నల్లగా ఉంటుంది అంతే. ఎండలు మొదలయ్యాకే తెల్లబడుతుంది. అంటే వాన నీటికి సంబంధం లేదనే కదా?

గోడమీదపిల్లి: ఇదేదో బాగుంది.

పాతగోడ: తలకిందులుగా చూస్తున్నారు. వానల్లో గాలి తడిగా ఉంటుంది, గోడ నుంచి నీరు ఆవిరి కాదు, ఉప్పు కరిగే ఉంటుంది. ఆ నల్లదనం అదే. గాలి ఆరగానే నీరు పోయి ఉప్పు బయటపడుతుంది. పొడి కనిపించే నెల వేరు, నీరు చేరే నెల వేరు.

రంగులడబ్బా: సరే, అన్నీ ఒప్పుకుంటా. మరి వాటర్‌ప్రూఫ్ కోటు వేసి మూసేస్తే నీరు బయటికే రాదు కదా? రాకపోతే ఉప్పెక్కడిది?

పాతగోడ: ఊడిన పెచ్చును తిప్పి చూడండి. వెనకవైపు వెంట్రుకల్లాంటి తెల్ల నూగు ఉంటుంది. రంగు పొర వెనక ఉప్పు పలుకు పెరిగి పొరను నెట్టింది. సోడియం సల్ఫేట్ లాంటి ఉప్పయితే నీటిని కలుపుకున్నప్పుడు మూడింతలకు పైగా ఉబ్బుతుంది. ప్లాస్టరే పొడి రాలుతుంది, లప్పం ఎంత? ఇంత చేసినా నీరు ఆగదు. కింద దారి మూస్తే పైకి పాకుతుంది. మోకాలి ఎత్తు మరక నడుము ఎత్తు అవుతుంది.

రంగులడబ్బా: అంటే మేం ఇన్నేళ్లు గోడలు పాడు చేశామనా మీరనేది?

పాతగోడ: చెమ్మ ఆగని గోడకు వేసి ఉంటే, అవును.

రంగులడబ్బా: ఈ మాట అనడం తేలిక. ఇల్లు గలాయన నాలుగు రోజులు ఇస్తాడు. నేల చెమ్మ ఉందండీ, ముందు అది చూడండి అంటే "నీకెందుకు, రంగు వెయ్" అంటాడు. వేస్తే ఆర్నెల్లకు ఊడుతుంది. తిట్లు మాత్రం నాకు. పోయినసారి ఒకాయన సగం కూలి ఎగ్గొట్టాడు, మళ్లీ ఆ గోడ దగ్గరికి పోలేదు. మీరు చెప్పినట్టు ఆగాలంటే ఎన్నాళ్లు ఆగాలి? అది చెప్పండి.

పాతగోడ: నీరు ఆగిన రోజు నుంచి అంగుళం మందానికి నెల అని ఒక మోటు లెక్క. తొమ్మిదంగుళాల గోడకు తొమ్మిది నెలలు పట్టినా ఆశ్చర్యం లేదు.

రంగులడబ్బా: తొమ్మిది నెలలా! గోడకు కాన్పా?

గోడమీదపిల్లి: 😂😂

పాతగోడ: నవ్వండి. కానీ ఇప్పుడు అసలు గొడవ బయటపడింది. మనిద్దరం యాసిడ్ గురించి కొట్టుకోవడం లేదు. మీకు నాలుగు రోజుల్లో పని అప్పగించాలి, గోడకు నెలలు కావాలి. శుభ్రం చేసే ఏ పద్ధతీ ఆ తేడాను పూడ్చలేదు.

రంగులడబ్బా: అదే నేనూ అనేది. నా చేతిలో లేనిదానికి నన్ను అనొద్దు.

పాతగోడ: అది ఒప్పుకుంటాను. ఇందాక కాస్త దురుసుగా అన్నాను.

కొత్తకాపురం: మీరిద్దరూ ఆగితే ఒక విషయం. ఎదురింటిపైపు గారు చెప్పారని అవతలికి వెళ్లి చూశాను. గోడను ఆనించి పూలమొక్కలకు మట్టి పోశాం. లోపలి నేల కంటే అడుగు ఎత్తు ఉంది. రోజూ నీళ్లు పోస్తాం. మొక్కలు పెట్టి రెండున్నరేళ్లు.

ఎదురింటిపైపు: చెప్పానా!

పాతగోడ: అదే మీ ఉప్పుకు మూలం అయి ఉండాలి. పునాది మీద చెమ్మ ఎక్కకుండా వేసిన పొర ఉన్నా, మట్టి దానికి పైన ఉంటే నీరు దాన్ని దాటి నేరుగా గోడలోకి వస్తుంది. మట్టి తీసి లోపలి నేల కంటే జానెడు కిందికి దించండి. తర్వాత లోపల ఊడిన రంగు, లప్పం అంతా గీకేయండి, గోడకు గాలి ఆడాలి. తాపీ పిడితో కొట్టి చూడండి. డొల్ల మోత వచ్చే ప్లాస్టర్ నిలవదు, ఉప్పు గీత కంటే అడుగు పైదాకా చెక్కేయండి, ఆ చెత్త అదే రోజు బయట పారేయండి. గట్టిగా ఉంటే వదిలేసి, వారం వారం దులపండి.

మట్టి ఒక్కటేనా, ఇంకేమైనా ఉందా అనుకుంటే, చెక్కిన చోట మూరెడు ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు అంచులా టేపు వేసి రెండు రోజులు ఉంచండి. చెమ్మ కాగితానికి గోడవైపు పడితే నీరు గోడలోంచి, గదివైపు పడితే గది గాలిలోంచి.

కొత్తకాపురం: మూడు వారాల్లో చుట్టాలొస్తున్నారు. అప్పటిదాకా గోడ ఇలా బోసిగానా?

పాతగోడ: సున్నం కొట్టించండి. గాలి ఆడుతుంది, ఉప్పొస్తే దులిపి మళ్లీ కొట్టొచ్చు.

రంగులడబ్బా: సున్నం బట్టలకు అంటుతుంది, ఇల్లాలు నన్నే అంటుంది. ఆ మూరెడు మేర పల్చటి సిలికేట్ రంగు వేయొచ్చు, అదీ గాలి ఆడేదే.

పాతగోడ: ఆరిన గోడకైతే నేనూ అదే అంటాను. తడిగోడ మీద డబ్బు దండగ.

రంగులడబ్బా: నేనొప్పుకోను.

కొత్తకాపురం: మట్టి తీసేశాం, లప్పం గీకేశాం. మొదటి వారం ఐదు చెంచాలు, నిన్న మూడు. ప్లాస్టిక్ కాగితం మీద మాత్రం చెమ్మ చుక్కలు పడ్డాయి.

రంగులడబ్బా: ఏ వైపు?

కొత్తకాపురం: గోడవైపే. డబ్బా దాచిపెట్టాను, వచ్చే వారం మళ్లీ కొలుస్తా.