చివరి రోజు ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఒక్క లైను పెట్టి రావాలా, ఊరికే వచ్చేయాలా?

అల్లూరు టెక్నీషియన్:
శనివారంతో నా ఉద్యోగం అయిపోతుంది. రొయ్యల మేత కంపెనీలో ఫీల్డ్ టెక్నీషియన్‌ని, అల్లూరు, విడవలూరు లైను చూస్తాను. మా గ్రూపులో సార్లు, గోడౌను వాళ్లు, డీలర్లు, రైతులు అంతా కలిసే ఉన్నారు. మర్యాదగా ఒక్క లైను పెట్టి బయటికి రావాలని ఉంది. ఏం రాయాలి, ఎప్పుడు రావాలి?

కావలి కుర్రోడు:
ఏం రాయొద్దు బ్రదర్. ఇప్పుడు గ్రూపులోంచి వచ్చేస్తే ఎవరికీ కనపడదు. ఎగ్జిట్ కొట్టి నీ పని నువ్వు చూసుకో.

ఒంగోలు లత:
ఎవరికీ కనపడదు అనేది సగమే నిజం తమ్ముడూ. 2022 ఆగస్టులో వాట్సాప్ మార్చింది. అంతకు ముందు ఎవరు వెళ్లినా ఆ సంగతి చాట్‌లో అందరికీ కనిపించేది, ఇప్పుడు అడ్మిన్లకే తెలుస్తుంది. కానీ గ్రూపు ఇన్ఫోలో కింది దాకా వెళ్తే 60 రోజుల లోపు బయటికెళ్లిన వాళ్లెవరో ఎవరైనా చూడొచ్చు.

నేను హెచ్‌ఆర్ పని చేస్తాను, వెళ్లేవాళ్లకు ఇదే చెప్తాను. చాట్‌లో మీరు వెళ్లినట్టు కనపడదు కాబట్టే ఆ ఒక్క లైను కావాలి. మిగతా వాళ్లకు మీరు వెళ్లినట్టు తెలిసేది దానివల్లే. సాయంత్రం లోడు మెసేజ్‌లు నడిచేటప్పుడు పెడితే పైకి కొట్టుకుపోతుంది, అవి అయ్యాక పెట్టండి. పెట్టగానే బయటికి రాకండి, పెద్దవాళ్లు రాత్రికో పొద్దునకో నాలుగు మంచి మాటలు పెడతారు, మీరు బయటుంటే అవి మీకు చేరవు. పొద్దున అందరికీ ఒక నమస్కారం పెట్టి రండి. తప్పు దొర్లితే 15 నిమిషాల్లోపు దిద్దుకోవచ్చు.

ఉలవపాడు టీచర్:
మా స్కూల్ పేరెంట్స్ గ్రూపులో రోజూ గుడ్ మార్నింగ్ ఫొటోలతో ఫోన్ నిండిపోతోంది, నేను కూడా ఇలాగే వచ్చేయొచ్చా?

ఒంగోలు లత:
మీది వేరే సమస్య అమ్మా. మ్యూట్ పెట్టండి, ఫొటోలు వాటంతట అవి దిగకుండా సెట్టింగ్ మార్చండి, చాలు.

కావలి కుర్రోడు:
అక్కా, 60 రోజుల లిస్టు ఎవరు తెరిచి చూస్తారు? నేను చెప్పింది కరెక్టే కదా, చాట్‌లో కనపడదు. ఇంకోటి, ఈ మర్యాదలు మనకే గానీ ఓనర్లకు ఉండవు. నేను పోయినేడు ఒక డీలర్ దగ్గర మానేశాను. పెద్ద థాంక్స్ మెసేజ్ పెట్టాను, సార్ మీరు నాకు తండ్రిలాంటి వాళ్లు అని కూడా రాశాను. ఆ నెల జీతమూ ఇన్సెంటివూ ఇప్పటికీ రాలేదు. అడిగితే నువ్వే సంతోషంగా వెళ్తున్నా అన్నావు కదా అంటాడు.

ఒంగోలు లత:
మీకు జరిగింది అన్యాయమే. కానీ మెసేజ్ పెట్టడం వల్ల జీతం ఆగలేదు, సెటిల్‌మెంట్ సంగతి మీరు కాగితం మీద అడగనందుకు ఆగింది. రావాల్సినవన్నీ మెయిల్లో వేరుగా అడగాలి, గ్రూపులో ఆ మాటే ఎత్తకూడదు.

కావలి కుర్రోడు:
కాగితం మీద అడగలేదని మీకెవరు చెప్పారు? మూడు మెయిళ్లు పెట్టాను. మీ హెచ్‌ఆర్ వాళ్లంతా ఇంతే, ఓనర్ తరఫునే మాట్లాడతారు.

విడవలూరు రైతు:
అబ్బయ్యా, కాసేపు ఆగండి. నాది రైతు వైపు మాట. మా లైను టెక్నీషియన్ ఒకబ్బాయి ఇట్లానే చెప్పకుండా వెళ్లిపోయాడు. మంచి పిల్లోడు, వల వేసి కౌంట్ చూసేవాడు, చెక్ ట్రే చేత్తో తడిమి మేత ఎంత తగ్గించాలో చెప్పేవాడు. ఒక రోజు తెల్లారుజామున కరెంటు పోయి నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగినాయి, రొయ్య పైకొచ్చి గట్టుకి చేరతా ఉంది. నేను ఫొటో తీసి గ్రూపులో పెట్టి, ఆ అబ్బాయి చూస్తాడని కూర్చున్నా. చాట్‌లో ఏమీ కనపడలా మరి, ఉన్నాడనే అనుకున్నా. పొద్దున ఎనిమిదికి గోడౌను అతను చెప్పాడు, వాడు పోయిన వారమే మానేశాడు, ఇంకొకరిని పెట్టలేదు అని. జనరేటర్ తెప్పించుకునేటప్పటికి చాలా పోయింది.

నాకు కావాల్సింది థాంక్స్ కాదు. రేపట్నుంచి ఎవరికి ఫోన్ చేయాలో ఆ లైన్లో ఉంటే చాలు.

ఒంగోలు లత:
ఇదే ముఖ్యం. అల్లూరు తమ్ముడూ, మీ బదులు వచ్చేది ఎవరో పేరు ఖరారైందా? ఖరారు కాకపోతే మేనేజర్‌ని అడిగి ఆయన పేరు మాత్రమే పెట్టండి, నంబర్ ఆయన్నే పెట్టమనండి.

కావలి కుర్రోడు:
అంటే వీడు వెళ్లిపోతూ కూడా కంపెనీ పని చేసిపెట్టాలి! కొత్తవాడిని రైతులకు పరిచయం చేసే పని ఓనర్‌ది. మనం ఎండలో గట్ల వెంట తిరిగి సంపాదించుకున్న రైతుల్ని ఒక్క లైన్లో అప్పగించడం ఏంది? బ్రదర్, నీ నంబర్ పెట్టు, ఎప్పుడు కావాలన్నా కాల్ చేయమను. అదే నీకు పనికొస్తుంది.

విడవలూరు రైతు:
సంపాదించుకున్న రైతులా? మేము మీకు సరుకా? మేత అప్పు మీద ఇచ్చేది డీలర్, రొయ్య పట్టుబడి అయ్యాక మేము కట్టేది డీలర్‌కి. అప్పు తీరకుండా రేపు నువ్వు ఇంకో కంపెనీ మేత పట్టుకొస్తే మేం నీ వెనకాల వస్తామా? రాలేం. గ్రూపులో నీ నంబర్ చూసి నిన్ను పిలిస్తే, రేపు మా చెరువు కాడికి వచ్చేది ఎవరో కూడా తెలియదు.

కావలి కుర్రోడు:
అందుకే కదా మేమెవరికీ లెక్కలో లేనిది. ఓనర్‌కి అప్పు ఉంది, మీకు మేత ఉంది, మాకు ఉన్నది నంబర్ ఒక్కటే. జీతం ఎగ్గొట్టినా ఎవరూ మా వెనక నిలబడరు. అది కూడా వదులుకోమంటే ఎట్లా?

ఒంగోలు లత:
నంబర్ వదులుకోమని ఎవరూ అనలేదు. రైతుల దగ్గర మీ నంబర్ ఎలాగూ ఉంది, మీరు ఎక్కడ చేరారో అడిగిన వాళ్లకు వాళ్లంతట వాళ్లు అడిగినప్పుడు చెప్పుకోవచ్చు. కంపెనీ గ్రూపులో రాస్తే అది ఆ కంపెనీ రైతుల్ని పిలుచుకోవడం కిందికి వస్తుంది, సెటిల్‌మెంట్ ఆపడానికి వాళ్లకు సాకు దొరుకుతుంది. మీ కేసులో మూడు మెయిళ్లు ఉన్నాయన్నారు, అవి పట్టుకుని కార్మిక శాఖకు వెళ్లండి, నేను సీరియస్‌గానే చెప్తున్నాను.

అల్లూరు టెక్నీషియన్:
దాచడం ఎందుకు, నేను చేరేది ఇంకో మేత కంపెనీలోనే, లైను కూడా దాదాపు ఇదే. అందుకే టెన్షన్. ఇంకో సంగతి, రైతుల కోసం నేనే పెట్టిన చిన్న గ్రూపు ఒకటి ఉంది, అందులో నేనొక్కడినే అడ్మిన్‌ని.

ఒంగోలు లత:
ఆ గ్రూపులోంచి ముందే వచ్చేయకండి. అడ్మిన్ ఒక్కడే ఉండి వెళ్లిపోతే వాట్సాప్ మిగతా వాళ్లలో ఎవరో ఒకరిని తనే అడ్మిన్ చేస్తుంది, ఎవరికి పడుతుందో చెప్పలేం. కొత్తగా వచ్చే టెక్నీషియన్‌ని, లేదా మేనేజర్‌ని అడ్మిన్ చేసి, వాళ్లు సరే అన్నాక రండి.

కావలి కుర్రోడు:
ఆ గ్రూపు వాడు పెట్టుకున్నది అక్కా. అది కూడా ఇచ్చేయాలా?

విడవలూరు రైతు:
కంపెనీ పని మీద పెట్టింది కదా. అయినా నువ్వు అన్నదాంట్లో కొంత న్యాయం ఉందిలే, మా లైను టెక్నీషియన్ అబ్బాయి కూడా జీతం ఆగే వెళ్లిపోయాడని తర్వాత విన్నా. ఆ అబ్బాయిది తప్పని నేను అనను. చెప్పి వెళ్లుంటే బాగుండేది, అంతే.

అల్లూరు టెక్నీషియన్:
ఇట్లా రాసుకున్నాను, చూడండి:

"అందరికీ నమస్కారం, ఈ రోజుతో ఇక్కడ నా పని ముగిసింది, ఇన్నాళ్లు నన్ను ఆదరించిన మీ అందరికీ ధన్యవాదాలు, రేపట్నుంచి అల్లూరు, విడవలూరు చెరువుల కోసం మేనేజర్ గారికి ఫోన్ చేయండి."

కొత్త మనిషి ఇంకా రాలేదు కాబట్టి మేనేజర్ అని పెట్టాను, ఆయన ఒప్పుకున్నాడు. రాత్రి ఎనిమిది తర్వాత పెట్టి, ఆదివారం పొద్దున బయటికి వస్తాను. నా గ్రూపు సంగతి ఇంకా తేల్చుకోలేదు.

విడవలూరు రైతు:
మేనేజర్ రాత్రిపూట ఫోన్ ఎత్తుతాడా అబ్బయ్యా? అది అడిగి పెట్టు.