పింగ్ వెళుతోంది గానీ ల్యాన్ జాబితాలో ఆట కనబడడం లేదు: జీరోటియర్ మీద వార్‌క్రాఫ్ట్ 3

అంబాజీపేట_కొబ్బరితోట
సంక్రాంతికి అందరూ ఊరికి వచ్చినప్పుడు మా అరుగు మీద ఒకే రౌటరుకు కలిపి ఆడుకునే వార్‌క్రాఫ్ట్ 3 ఫ్రోజెన్ థ్రోన్‌ను మిగతా రోజుల్లో కూడా ఆడాలన్నది మా కోరిక. నేను అంబాజీపేటలో, ఒక మిత్రుడు హైదరాబాదులో, మరొకరు బెంగుళూరులో ఉంటున్నాము. ముగ్గురమూ జీరోటియర్ వేసుకుని ఒకే నెట్‌వర్కులో చేరాము. నిర్వహణ పేజీలో ముగ్గురికీ అనుమతి ఇచ్చాను, 10.147.17తో మొదలయ్యే చిరునామాలు వచ్చాయి, పింగ్ కూడా వెళుతోంది. అయినా నేను ఆట తెరిచి కూర్చుంటే వారి ల్యాన్ జాబితా ఖాళీగానే ఉంటోంది. ఈ ఆటలో చిరునామా టైపు చేసే చోటు లేదు కనుక జాబితాలో కనబడితే తప్ప చేరే మార్గం లేదు.

భీమవరం_చెరువుగట్టు
ఇది ఫైర్‌వాల్ సమస్య అని నా అభిప్రాయం. కొత్తగా వచ్చిన ఇలాంటి అడాప్టరును విండోస్ పబ్లిక్ నెట్‌వర్కుగా లెక్కకట్టి, బయటి నుంచి వచ్చేవాటిని ఆపేస్తుంది. దానిని ప్రైవేటుగా మార్చి, ఆటకు అనుమతి ఇవ్వండి. అప్పటికీ కుదరకపోతే జీరోటియర్ తీసేసి టెయిల్‌స్కేల్ వేసుకోండి. మేము దానితోనే వేరే ఆట ఆడుతున్నాము, ఏ ఇబ్బందీ లేదు.

తణుకు_ఉద్యోగి
వీపీఎన్ వాడితే మన డేటా విదేశాలకు వెళ్లి తిరిగి వస్తుంది కదా, ఆట నెమ్మదించదా? మా కార్యాలయపు వీపీఎన్ వేస్తే చిన్న పేజీ తెరుచుకోవడానికి కూడా ఆలస్యమవుతోంది.

రావులపాలెం_వంతెన
తణుకు వారు చెబుతున్నది వేరు. కార్యాలయపు వీపీఎన్‌లో మీ రాకపోకలన్నీ వారి సర్వరు గుండా వెళతాయి. ఇక్కడ సర్వరు కంప్యూటర్లను ఒకదానికొకటి పరిచయం చేస్తుంది, ఆపైన వీలైతే అవి నేరుగా మాట్లాడుకుంటాయి.

ఇక అసలు సమస్య. భీమవరం వారు ఫైర్‌వాల్ గురించి చెప్పినది నిజమే, అది చేసి తీరాలి. అయితే టెయిల్‌స్కేల్‌కు మారితే ఈ ఆట విషయంలో ఉన్న కాస్త అవకాశం కూడా పోతుంది. వార్‌క్రాఫ్ట్ 3లో ఆట తెరిచిన కంప్యూటరు, ఆట కోసం వెతికే కంప్యూటరు కూడా 255.255.255.255 అనే చిరునామాకు, యూడీపీ 6112 పోర్టు మీద, ఊరంతటికీ దండోరా వేసినట్టు ప్యాకెట్లు పంపుతాయి. టెయిల్‌స్కేల్ ఒక కంప్యూటరు పేరు మీద వచ్చిన ప్యాకెట్టును చేరుస్తుందే తప్ప ఇలాంటి బ్రాడ్‌కాస్టును మోయదు. జీరోటియర్ ఈథర్‌నెట్ తీగనే అనుకరిస్తుంది కనుక మోస్తుంది. పింగ్ ఒకరి చిరునామాకు వెళ్లేది కాబట్టి రెండింటిలోనూ పనిచేస్తుంది; దానిని బట్టి బ్రాడ్‌కాస్ట్ సంగతి ఏమీ తెలియదు.

జీరోటియర్ మోయగలిగినా, విండోస్ ఆ ప్యాకెట్టును దానికి అప్పగించాలి కదా. 255.255.255.255కు పంపేదానిని విండోస్ అన్ని అడాప్టర్ల మీదుగా పంపదు, మెట్రిక్ అంకె అతి తక్కువగా ఉన్న ఒక్కదాని మీదుగానే పంపుతుంది. మీ విషయంలో అది వైఫై అయి ఉంటుందని, మీ దండోరా మీ ఇంటి రౌటరు దగ్గరే ఆగిపోతోందని నా అనుమానం. పవర్‌షెల్‌ను అడ్మినిస్ట్రేటరుగా తెరిచి మొదటి ఆదేశం ఇస్తే అడాప్టర్ల పట్టిక వస్తుంది. అందులో జీరోటియర్ వరుసలోని ifIndex అంకెను, ఇక్కడ నేను ఉదాహరణకు వేసిన 27 స్థానంలో పెట్టండి.

```
Get-NetIPInterface -AddressFamily IPv4
Set-NetIPInterface -InterfaceIndex 27 -InterfaceMetric 1
Set-NetConnectionProfile -InterfaceIndex 27 -NetworkCategory Private
```

అడాప్టరు పేరుకు బదులు అంకె వాడమనడానికి కారణం ఉంది. ఆ పేరులో తరచు చదరపు బ్రాకెట్లు ఉంటాయి, పవర్‌షెల్ వాటికి వేరే అర్థం తీసుకుని అడాప్టరు దొరకలేదంటుంది. ముగ్గురూ తమ తమ కంప్యూటర్లలో ఇది చేయాలి.

నరసాపురం_రేవు
నాదీ ఇలాంటి ఇబ్బందే. టెయిల్‌స్కేల్ మీద కౌంటర్ స్ట్రైక్ 1.6 పెట్టాము. కన్సోలులో connect అని చిరునామా ఇస్తే సర్వరు వరకూ వెళ్లి, `LAN servers are restricted to local clients (class C)` అని చెప్పి బయటకు పంపేస్తోంది. నేను కూడా మెట్రిక్ మార్చాలా?

రావులపాలెం_వంతెన
మీకు మెట్రిక్‌తో పని లేదు, మీ ప్యాకెట్టు చేరుతోంది కాబట్టే ఆ తిరస్కారం వచ్చింది. 10, 192.168 వంటి ఇంటి చిరునామాలను ఆ ఆట స్థానికమైనవిగా ఒప్పుకుంటుంది. టెయిల్‌స్కేల్ ఇచ్చేవి 100తో మొదలవుతాయి కనుక మీరు దాని దృష్టిలో బయటివారు. 10తో మొదలయ్యే చిరునామాలు ఇచ్చే జీరోటియర్ మీద ఒకసారి ప్రయత్నించండి. సర్వరులో sv_lan 0 పెట్టడం మరో దారి గానీ, అప్పుడు ఖాతా తనిఖీ మొదలవుతుంది.

అంబాజీపేట_కొబ్బరితోట
రావులపాలెం వారికి కృతజ్ఞతలు. ముగ్గురమూ మెట్రిక్ మార్చాము, బెంగుళూరు మిత్రునికి ఆట వెంటనే కనబడింది. హైదరాబాదు వారికి మాత్రం ఇంకా కనబడడం లేదు.

రావులపాలెం_వంతెన
హైదరాబాదు వారిని వైర్‌షార్క్ వేసుకుని, జీరోటియర్ అడాప్టరును ఎంచుకుని, `udp.port == 6112` అని వడపోయమనండి. మీ చిరునామా నుంచి ఏమీ రాకపోతే లోపం ఇంకా దారిలోనే ఉంది. ప్యాకెట్లు వస్తూ ఉండి కూడా జాబితా ఖాళీగా ఉంటే రెండు సంగతులు చూడాలి: ఆయన ఫైర్‌వాల్, ఆట వెర్షన్. వైర్‌షార్క్ ఫైర్‌వాల్ కంటే ముందే ప్యాకెట్టును చూస్తుంది, ఆటేమో వేరే వెర్షన్‌లో తెరిచిన ఆటను జాబితాలో చూపించదు.

అంబాజీపేట_కొబ్బరితోట
ప్యాకెట్లు వస్తున్నాయి. ఆయనది 1.27, మా ఇద్దరిదీ 1.26. ఆయన మా వెర్షన్‌కు మారగానే ముగ్గురమూ ఒకే గదిలోకి చేరాము. అయితే బెంగుళూరు మిత్రుడు ఫోను హాట్‌స్పాట్ మీద ఉంటారు. ఆయన చేరిన తరువాత ఆట మాటిమాటికీ ఆగి, ఆయన కోసం ఎదురుచూస్తున్నట్టు చూపిస్తోంది. `zerotier-cli peers` అని అడిగితే నా దగ్గర హైదరాబాదు వరుసలో DIRECT అని, బెంగుళూరు వరుసలో RELAY అని వస్తోంది.

భీమవరం_చెరువుగట్టు
మీ రౌటరులో యూడీపీ 9993 పోర్టును మీ కంప్యూటరుకు తెరవండి. మాకు దానితో సరిపోయింది.

రావులపాలెం_వంతెన
రౌటరుకు వచ్చేది నిజమైన బహిరంగ చిరునామా అయితే అది పనిచేస్తుంది. కోనసీమలో చాలా ఇళ్లకు కేబుల్ ఆపరేటరే ఇంటర్నెట్ ఇస్తారు. ఒకే చిరునామాను అనేక ఇళ్లకు పంచేవారైతే మన రౌటరులో పోర్టు తెరిచినా ఆపైన ఇంకొక తలుపు మూసి ఉంటుంది. ఫోను నెట్‌వర్కు కూడా ఐపీవీ4లో అంతే, పైగా ఒక్కో గమ్యానికి ఒక్కో పోర్టు మారుస్తూ ఉంటే అవతలివారు ఊహించలేరు. ఇద్దరిలో ఎవరి తలుపూ తెరుచుకోకపోతే జీరోటియర్ దూరపు సర్వరు గుండా మోస్తుంది, అదే RELAY.

ఐపీవీ6 ఇద్దరికీ ఉంటే ఈ చిక్కు చాలా వరకు పోతుంది. మీ ముగ్గురిలో ఎవరికి ఉందో చెప్పగలరా?

అంబాజీపేట_కొబ్బరితోట
నాకు లేదు, ఆపరేటరును అడిగితే ఇవ్వడం లేదన్నారు. హైదరాబాదుకు, బెంగుళూరుకు ఉంది.

రావులపాలెం_వంతెన
అయితే ఆటను మీరు కాకుండా హైదరాబాదు వారు తెరవాలి. ఈ ఆటలో ఆటగాళ్ల ఆజ్ఞలన్నీ ఆట తెరిచినవారి కంప్యూటరు గుండానే పంపిణీ అవుతాయి. మీకూ హైదరాబాదుకూ నేరు దారి ఇప్పటికే ఉంది. హైదరాబాదుకూ బెంగుళూరుకూ ఐపీవీ6 మీద నేరు దారి ఏర్పడితే, మీకూ బెంగుళూరుకూ మధ్య RELAY మిగిలినా ఆటకు పెద్దగా అడ్డు రాదు.

అంబాజీపేట_కొబ్బరితోట
రాత్రి ఆయన చేత తెరిపించాము. బెంగుళూరు వరుస ఆయన దగ్గర DIRECT అని వచ్చింది, ఒక పూర్తి ఆట ఎక్కడా ఆగకుండా సాగింది. రెండవ ఆట మధ్యలో హాట్‌స్పాట్ తెగి మళ్లీ కలిశాక ఆ వరుస కొంతసేపు RELAYకి పడిపోయి, తరువాత తానే DIRECTకు వచ్చింది.

నరసాపురం_రేవు
జీరోటియర్‌కు మారాక నాకు ఆ తిరస్కారం రావడం లేదు. కానీ ల్యాన్ జాబితాలో కూడా సర్వరు కనబడాలంటే ఇందులోనూ మెట్రిక్ మార్చాలా, లేక connectతోనే సరిపెట్టుకోవాలా అన్నది ఇంకా చూడలేదు. ఎవరైనా 1.6లో చేసి చూసి ఉంటే తెలపగలరు.